లింకుకు ముందు రెండు ముక్కలు

పుస్తకాలకు ముఖచిత్రాలు వేసే ఓ అమ్మాయి ఈమధ్య తన దరఖాస్తు మెయిల్ నాకు చూపించింది. ఒక ప్రచురణ సంస్థ పిల్లల పుస్తకాలకు డిజైనర్ కావాలని ప్రకటన ఇస్తే పంపిందట. జవాబు రాలేదు. మెయిల్‌లో నాలుగు పంక్తుల పరిచయం, కింద ‘నా పనిని ఈ లింకులలో చూడగలరు’ అన్న ఒకే మాట, ఆ తర్వాత ఐదు లింకులు: బిహాన్స్, ఇన్‌స్టాగ్రామ్, లింక్డిన్, సొంత వెబ్‌సైట్, ఒక గూగుల్ డ్రైవ్ ఫోల్డర్. ఫోల్డర్ తెరిస్తే నలభైకి పైగా ఫైళ్లు. పెళ్లి శుభలేఖలు, స్వీట్ షాపు డబ్బాలు, వాటి నడుమ ఎక్కడో పిల్లల పుస్తకాలు.

పని మాత్రం బాగుంది. నాకు బాధనిపించింది అందుకే.

డిజైనర్ల ఎంపికలో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను. ఇలాంటి మెయిళ్లు చాలాసార్లు ఫోన్‌లోనే, రెండు పనుల మధ్య చదువుతాం. ఐదు లింకులు కనిపిస్తే ఏది ముందు తెరవాలో మేమే తేల్చుకోవాలి. తీరిగ్గా చూద్దామని పక్కన పెడతాం. పెట్టినవాటిలో చాలా మళ్లీ తెరవం. ఏది చూడాలో తేల్చడం పంపేవాళ్ల పని. ఆ పని లింకుకు ముందు రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది.

ఇద్దరం కూర్చుని మెయిల్‌ను ఇలా మార్చాం:

‘నమస్కారం. పిల్లల పుస్తకాలకు డిజైనర్ కావాలన్న మీ ప్రకటన చూశాను. మూడేళ్లుగా తెలుగు పుస్తకాలకు ముఖచిత్రాలు, లోపలి పేజీలు చేస్తున్నాను. వాటిలో ఆరు పిల్లలవి. కింది లింకులో ఎనిమిది పనులున్నాయి. సమయం తక్కువైతే మొదటి రెండు చూడండి, రెండూ పిల్లల కథల పుస్తకాలే. మొదటిదానికి బొమ్మలు వేరొకరు వేశారు, పేరు అక్షరాలు, పేజీల అమరిక నావి.’

దీని కింద ఒకే లింకు. సంతకం దగ్గర కాదు, చివరి వాక్యాన్ని ఆనుకునే.

‘ఎనిమిది పనులు’ అనడంతో చదివేవాళ్లకు లోపల ఎంత ఉందో తెలుస్తుంది, అంతు తెలియని చోటికి వెళ్తున్న బెరుకు ఉండదు. ‘మొదటి రెండు’ అన్నాక లింకు తెరిస్తే నిజంగా అవే ముందు కనబడాలి. అందుకని ఆమె తన పేజీలో వరస మార్చి, శుభలేఖలన్నీ తీసేసింది. ఇక ‘బొమ్మలు వేరొకరు వేశారు’ అన్న మాట రాయడానికి మొదట వెనకాడింది, తన విలువ తగ్గుతుందని. చదివేవాళ్లకు మాత్రం ఆమెకు ఏ పని అప్పగించవచ్చో ఆ మాటతోనే తెలుస్తుంది. రాయకపోతే బొమ్మలూ ఆమెవే అనుకుంటారు. ఇంటర్వ్యూలో నిజం బయటపడ్డాక మిగతా పనులనూ అనుమానిస్తారు.

రచయితలకు ఇంకో చిక్కుంది. బొమ్మ చూడగానే కళ్లకు అందుతుంది, వ్యాసం అందదు. కాబట్టి రెండు మూడు రచనలు చాలు, ఒక్కోదానికి శీర్షిక, అది దేని గురించో ఒక్క వాక్యం. తెలుగులో రాసేవాళ్లు అను ఫాంట్లలో చేసిన వర్డ్ ఫైలును మాత్రం లింకులో పెట్టకూడదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా ఫాంటు ఇమిడిపోయేలా పీడీఎఫ్ చేయాలి.

ప్రకటనలో ‘పీడీఎఫ్ జతచేయండి’ అని ఉంటే అదే చేయాలి, లింకు దానికి తోడు మాత్రమే. ఫైలు చిన్నదిగా ఉంచండి. 25 ఎంబీ దాటితే జీమెయిల్ దాన్ని జతచేయకుండా డ్రైవ్ లింకుగా మార్చేస్తుంది. పొట్టి చేసిన లింకులూ వద్దు, ఎక్కడికి తీసుకెళ్తాయో తెలియక కొందరు ముట్టుకోరు.

చివరగా, పంపేముందు ఆ మెయిల్‌ను వాళ్ల తమ్ముడికి పంపమన్నాను. సొంత ఫోన్‌లో, సొంత ఖాతాతో మనం తెరిస్తే అన్నీ తెరుచుకుంటాయి, లోపం తెలియదు. ఎనిమిది పనులనూ ఆమె డ్రైవ్‌లో ఒకే పీడీఎఫ్‌గా పెట్టింది. తమ్ముడు నొక్కగానే ‘You need access’ అని వచ్చింది. షేర్ సెట్టింగ్‌లో General access దగ్గర Restricted అని ఉంది. డ్రైవ్‌లో కొత్త ఫైలు మామూలుగా అలాగే ఉంటుంది. దాన్ని Anyone with the link అని మార్చి, చూడడానికి మాత్రమే అనుమతి ఇచ్చింది.

అప్పుడామె పాత డ్రైవ్ ఫోల్డర్ కూడా తెరిచి చూసింది. అక్కడా Restricted అనే ఉంది.