ఆగిన పంపు, ఆలస్యమైన తలుపు: నాన్‌రిటర్న్ వాల్వు ఎందుకు కొట్టుకుంటుంది?

విద్యుత్తు పోయి పంపు ట్రిప్ అయిన కొద్దిసేపటికే పంపుహౌసును అదరగొట్టే చప్పుడు వినిపిస్తే, నాన్‌రిటర్న్ వాల్వులోని బిళ్ల తన సీటుకు బలంగా తగిలినందువల్ల అది పుట్టిందని సాధారణంగా భావిస్తారు. అయితే ఆ చప్పుడులో ఇనుముకు ఇనుము తగలడం వల్ల వచ్చే వాటా కొంత మాత్రమే. వాల్వు మూసుకునేలోపే వెనక్కి మళ్లి వేగం పుంజుకున్న నీరు, బిళ్ల సీటు మీద కూర్చున్న క్షణంలో ఎటూ పోలేక ఒక్కసారిగా ఆగిపోవడమూ, ఆ తాకిడికి పైపు గోడ సాగి కంపించడమూ అసలు కారణాలు. ఈ దృగ్విషయాన్నే వాల్వు స్లామ్ అంటారు.

ఇలా ఆగిన నీరు ఎంత పీడనం పుట్టిస్తుందో చెప్పే సూత్రాన్ని రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ 19వ శతాబ్దం చివర మాస్కో నీటి సరఫరా పైపుల మీద జరిపిన ప్రయోగాలతో నిలబెట్టాడు.

ΔH = a × V / g

ఇందులో V అనేది వాల్వు మూసుకునే క్షణానికి నీరు వెనక్కి పారుతున్న వేగం, a అనేది పీడన తరంగం పైపులో ప్రయాణించే వేగం, g గురుత్వ త్వరణం, ΔH మీటర్లలో పెరిగే పీడనం. ఉక్కు పైపులో a సుమారు సెకనుకు 1000 మీటర్లు ఉంటుంది కాబట్టి, సెకనుకు ఒక్క మీటరు వెనుకటి వేగం ఆగిపోతే దాదాపు 100 మీటర్ల నీటి మట్టానికి సమానమైన పీడనం, అంటే సుమారు 10 బార్లు, అదనంగా వచ్చిపడుతుంది. ఆచరణలో వెనుకటి వేగం సెకనుకు 0.15 మీటర్లు దాటనంతవరకు చప్పుడు పెద్దగా తెలియదు, 0.3 మీటర్లు దాటితే పంపుహౌసు బయట ఉన్నవారికి కూడా వినిపిస్తుంది.

అందువల్ల వాల్వు ఎంత మృదువుగా మూసుకుంటుందన్నది కాక, ప్రవాహం సున్నాకు చేరే వేళకు అది ఎంతవరకు మూసుకుని ఉందన్నదే అసలు ప్రశ్న అవుతుంది. దీనికి జవాబు సగం వాల్వు చేతిలో ఉంటే, మిగతా సగం పైపులోని నీరు ఎంత త్వరగా మందగిస్తుందన్న దాని చేతిలో, అంటే ప్రవాహపు ఋణ త్వరణం చేతిలో ఉంటుంది. వాల్వును కేటలాగు చూసి కొనేవారు తరచుగా మరచిపోయేది ఈ రెండో సగాన్నే.

ఒక ఎత్తిపోతల పంపుహౌసును ఉదాహరణగా ఊహించుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. అందులో మూడు పంపులు ఒకే హెడరులోకి, అంటే ఉమ్మడి పైపులోకి, నీటిని తోస్తున్నాయనీ, అక్కడి నుంచి 4 కిలోమీటర్ల రైజింగ్ మెయిన్ 30 మీటర్ల ఎత్తున ఉన్న డెలివరీ సిస్టర్నుకు చేరుతుందనీ, అన్ని పైపుల్లోనూ నీటి వేగం సెకనుకు 2.5 మీటర్లనీ అనుకుందాం. కరెంటు పోయి మూడు పంపులూ ఒకేసారి ఆగితే, 4 కిలోమీటర్ల పొడవున కదులుతున్న నీటి బరువంతా తన జడత్వంతో ముందుకే సాగాలని చూస్తుంది. దానిని వెనక్కి లాగేది ప్రధానంగా ఆ 30 మీటర్ల ఎత్తు మాత్రమే కనుక, ప్రవాహం సున్నా దగ్గరపడే వేళకు ఋణ త్వరణం స్థూలంగా 9.81 × 30 / 4000, అంటే సెకనుకు సెకనుకు 0.07 మీటర్లే ఉంటుంది. వాల్వు ఒక పూర్తి సెకను ఆలస్యం చేసినా వెనుకటి వేగం 0.07 మీటర్లకు మించదు, చప్పుడూ ఉండదు.

ఇప్పుడు రెండు పంపులు నడుస్తుండగా మూడోది ఒక్కటే ట్రిప్ అయిందనుకుంటే పరిస్థితి తారుమారవుతుంది. నడుస్తున్న పంపులు హెడరులో పీడనాన్ని దాదాపు అలాగే నిలబెడతాయి. ఆగిన పంపుకూ హెడరుకూ మధ్య ఉన్నది పట్టుమని పదిపదిహేను మీటర్ల నీరే కాబట్టి దానికి చెప్పుకోదగ్గ జడత్వం లేదు. పంపు వేగం కొంత తగ్గగానే దాని హెడ్ హెడరు పీడనం కంటే కిందికి పడిపోతుంది, ఆ కొద్దిపాటి నీరు వెంటనే వెనక్కి తిరుగుతుంది. 2.5 మీటర్ల వేగం 0.4 సెకనులో సున్నాకు చేరిందనుకుంటే ఋణ త్వరణం 6 మీటర్లకు పైమాటే, అంటే ముందటి దానికి ఎనభై రెట్లకు మించి. మూడూ ఆగినప్పుడు నిశ్శబ్దంగా ఉండే వాల్వు ఒకటి ఆగినప్పుడు పిడుగులా మోగడానికి కారణం ఇదే. సర్జ్ వెసల్, అంటే పీడనపు హెచ్చుతగ్గులను సర్దడానికి గాలి, నీరు నింపి ఉంచే పాత్ర, పంపుకు దగ్గరగా ఉన్నచోట కూడా ఇదే జరుగుతుంది; పైపును కాపాడే ఆ పాత్రే వాల్వును కఠిన పరీక్షకు గురిచేస్తుంది.

ఈ పరీక్షలో స్వింగ్ వాల్వు వెనుకబడడానికి కారణం దాని నిర్మాణమే. తలుపులా పైన కీలుకు వేలాడే బరువైన బిళ్ల పూర్తిగా తెరుచుకున్న స్థితి నుంచి సీటు దాకా పెద్ద వంపులో తిరిగి రావాలి. పై ఉదాహరణలో అది ప్రవాహం కంటే 0.15 సెకను ఆలస్యమైతే వెనుకటి వేగం 0.9 మీటర్లకు, పీడనపు పెరుగుదల 90 మీటర్లకు చేరుతుంది. హెడరు దగ్గరగా ఉన్నందున తరంగం అక్కడికి వెళ్లి పరావర్తనం చెంది తిరిగివచ్చి ఈ పెరుగుదలను త్వరగానే తగ్గిస్తుంది, కానీ బిళ్ల మీద, సీటు మీద దెబ్బ పడనే పడుతుంది. బయట లివరుకు బరువు వేలాడదీయడం అందరికీ తోచే మందు. ఆ బరువు బిళ్లను మూసే దిశలో లాగినా, తానూ కదలవలసిన ద్రవ్యరాశే కనుక నీరు త్వరగా మందగించే చోట లాభం స్వల్పం; బరువుకు బదులు స్ప్రింగు మెరుగు.

డ్యూయల్ ప్లేట్ వాల్వులో ఒక్క బిళ్లకు బదులు రెండు అర్ధచంద్రాకారపు పలకలు నడిమి పిన్ను చుట్టూ తిరుగుతాయి, మెలిక స్ప్రింగులు వాటిని నిరంతరం మూసే దిశలో నెడుతుంటాయి. పలక బరువూ అది తిరగవలసిన దూరమూ తగ్గడంతో ఆలస్యం సగానికి తగ్గి 0.07 సెకను అయిందనుకుంటే, పీడనపు పెరుగుదల దాదాపు 43 మీటర్లకు దిగుతుంది. నాజిల్ వాల్వులో తేలికైన బిళ్ల పైపు అక్షం వెంటే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అది కదిలే దూరం పైపు వ్యాసంలో చిన్న భాగమే, వెనుక స్ప్రింగు సిద్ధంగా ఉంటుంది. ఆలస్యం 0.03 సెకను అనుకుంటే పెరుగుదల 18 మీటర్ల దగ్గర ఆగుతుంది. ఈ ఆలస్యాలు తేడాను చూపడానికి తీసుకున్నవి. నిజమైన ఎంపికకు, ఋణ త్వరణానికి ఎదురుగా వెనుకటి వేగాన్ని చూపే పరీక్షా వక్రరేఖను తయారీదారు నుంచి అడిగి తీసుకోవాలి. అది లేని వాల్వుకు నాన్‌స్లామ్ అన్న పేరును నమ్మడం సబబు కాదు.

అలాగని అన్నిచోట్లా నాజిల్ వాల్వే పెట్టాలనడం తప్పు. అది ఖరీదైనది, మురుగునీటిలోని గుడ్డపీలికలు, పీచు దాని మధ్యభాగానికి చుట్టుకుంటాయి. డ్యూయల్ ప్లేట్ నడిమి పిన్నుకూ అదే గతి. అలాంటి నీటికి దారి పూర్తిగా తెరిచే స్వింగ్ వాల్వే తగినది, దాని చప్పుడును స్ప్రింగుతోనో, చివరి భాగపు కదలికను నూనెతో నెమ్మదింపజేసే డాష్‌పాట్‌తోనో అదుపు చేసుకోవాలి. డాష్‌పాట్ పెడితే ఆ కొద్దిసేపు నీరు వెనక్కి పారి పంపును ఎదురు తిప్పుతుంది, కాబట్టి ఆ తిరుగుడును పంపు తట్టుకోగలదా అని ముందే చూసుకోవాలి. పొడవైన పైపుతో ఒంటరిగా పనిచేసే పంపుకు కూడా స్వింగ్ వాల్వు చాలు.

స్ప్రింగు ఎంత బలంగా ఉంటే వాల్వు అంత త్వరగా మూసుకుంటుంది, కానీ పూర్తిగా తెరుచుకోవడానికి అంత ఎక్కువ ప్రవాహ వేగం కావాలి. రేపటి అవసరమని పైపు కొలతకు సరిపడే పెద్ద వాల్వును పెట్టి, నేడు అందులో సెకనుకు ఒక మీటరు వేగంతో నీరు పంపితే, పలకలు పూర్తిగా తెరుచుకోక నడిమధ్యలో అల్లాడుతూ ఉంటాయి. పంపుకు, వంపుకు మరీ దగ్గరగా బిగించినా సుడుల వల్ల ఇదే అల్లాట. కొన్ని నెలల్లో పిన్ను అరిగి, స్ప్రింగు అలసి విరుగుతుంది.

మామూలు పీడన మాపకం ముల్లు స్లామ్ తరంగాన్ని అందుకోలేదు. సెకనుకు వందలసార్లు కొలిచే పీడన సంవేదిక కావాలి. అది లేనిచోట కంటికి కనిపించే గుర్తులు ఉంటాయి: వాల్వు పక్కనున్న పైపు ఆధారం కింద కాంక్రీటు నుంచి రాలిన తాజా పొడి, వదులైన యాంకర్ బోల్టు, ఫ్లాంజ్ అంచున చెమ్మ, విప్పి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో అరిగిన కీలు రంధ్రం. వీటిలో ఏదైనా కనిపిస్తే మొదట చూడవలసింది ఆ వాల్వు ఏ పంపుతో, ఎన్ని పంపులు నడుస్తుండగా మోగిందన్న లాగ్‌బుక్ నమోదును.