టైప్-సి కేబుళ్లన్నీ ఒకటి కావు

ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నది డ్రైవ్ ఒక్కదాని మీదే ఆధారపడదు. డ్రైవ్, కేబుల్, పోర్టు ఈ మూడింటిలో ఏది నెమ్మదిదైతే మిగతా రెండూ దాని వేగానికే దిగివస్తాయి. దిగివచ్చినట్టు తెరమీద హెచ్చరిక కూడా చాలాసార్లు రాదు. ఫైళ్లు కాపీ అవుతూనే ఉంటాయి కాబట్టి లోపం కేబుల్‌లో ఉందన్న అనుమానమే కలగదు.

యూఎస్‌బీ 2.0 వచ్చింది 2000లో. దాని వేగం సెకనుకు 480 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక లెక్కకు 60 మెగాబైట్లు రావాలి, కానీ వాస్తవంగా అందేది 35 నుంచి 40 వరకే. 2008లో వచ్చిన 3.0 ఈ వేగాన్ని 5 గిగాబిట్లకు పెంచింది. తర్వాత 10, 20 గిగాబిట్ల రకాలు వచ్చాయి. పేర్లు మాత్రం పదేపదే మారాయి. ఒకప్పటి 3.0నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆపైన 3.2 జెన్ 1 అన్నారు. అందువల్ల డబ్బా మీద ‘3.2’ అని చూసి కొనడం కంటే 5Gbps, 10Gbps అన్న అంకె వెతకడమే మంచిది.

టైప్-సి అన్నది ప్లగ్గు ఆకారానికి పేరు, వేగానికి కాదు. ఫోన్‌తో వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావాటికి కరెంటు తీగలతో పాటు యూఎస్‌బీ 2.0 డేటా తీగలు మాత్రమే ఉంటాయి. వేగవంతమైన డేటాకు కావలసిన అదనపు తీగల జతలు వాటిలో ఉండవు. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రో దీనికి చక్కని ఉదాహరణ. ఆ ఫోన్ పోర్టు 10 గిగాబిట్ల వేగాన్ని అందుకోగలదు, డబ్బాలో ఇచ్చిన కేబుల్ మాత్రం యూఎస్‌బీ 2.0 రకం. చార్జింగ్‌కు అది చాలు, వీడియోను నేరుగా ఎస్ఎస్‌డీలోకి రికార్డు చేయాలంటే వేరే కేబుల్ కొనాల్సిందే. కేబుల్ మీద 100W, 240W అని ఉన్నా అది కరెంటు సంగతే. 240 వాట్లు మోసే కేబుల్ కూడా డేటాను 480 మెగాబిట్లకు మించి మోయకపోవచ్చు.

ఒక పెళ్లి వీడియో 60 జీబీ ఉందనుకుంటే తేడా ఎంతో లెక్క కట్టవచ్చు. సెకనుకు దాదాపు 1000 మెగాబైట్ల ఎస్ఎస్‌డీని చార్జింగ్ కేబుల్‌తో కలిపితే 40 మెగాబైట్ల చొప్పున 25 నిమిషాలు పడుతుంది. అదే డ్రైవ్‌ను 10 గిగాబిట్ల కేబుల్‌తో, అంతే వేగమున్న పోర్టుకు కలిపితే నిమిషం దాటి కొన్ని సెకన్లకే పని ముగుస్తుంది. పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ అయితే వేరే సంగతి. దాని సొంత వేగమే సెకనుకు 120 మెగాబైట్ల దరిదాపుల్లో ఉంటుంది కనుక ఎంత ఖరీదైన కేబుల్ పెట్టినా ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. దానికి 5 గిగాబిట్ల కేబుల్, పోర్టు సరిపోతాయి.

హార్డ్ డిస్క్‌కు వేగం కంటే కరెంటు పెద్ద సమస్య. చిన్న సైజు డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు ఇవ్వాల్సింది 900. చాలా పోర్టులు ఇంతకంటే ఎక్కువే ఇస్తాయి కాబట్టి పని నడుస్తుంది. కానీ కేబుల్ సన్నగా, పొడుగ్గా ఉంటే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. సన్నని 28 గేజీ రాగి తీగకు మీటరుకు 0.2 ఓమ్‌కు కాస్త పైగా నిరోధం ఉంటుంది. వెళ్లే తీగ, తిరిగొచ్చే తీగ కలిపి 0.4 ఓమ్‌లు దాటుతుంది. ఒక ఆంపియర్ ప్రవహిస్తే 5 వోల్టులలో డిస్క్‌కు చేరేది దాదాపు 4.6. అప్పుడు డిస్క్ ‘టిక్ టిక్’మంటూ మళ్లీ మళ్లీ మొదలవుతుంది, లేదా కాపీ మధ్యలో తెరమీద నుంచి మాయమవుతుంది. రాస్తుండగా ఇలా తెగితే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. డిస్క్ పోయిందని నిర్ణయించే ముందు పొట్టి, మందపాటి కేబుల్‌తో నేరుగా కంప్యూటర్ పోర్టుకు కలిపి చూడాలి. సొంత అడాప్టర్ లేని హబ్ ఒకే పోర్టు కరెంటును నాలుగైదు పరికరాలకు పంచుతుంది, హార్డ్ డిస్క్‌ను దానికి తగిలించకపోవడమే మేలు.

వేగాన్ని పరీక్షించడానికి ఒకే పెద్ద ఫైలును కాపీ చేయాలి. వేలకొద్దీ చిన్న ఫొటోలైతే ఏ కేబుల్‌తోనైనా నెమ్మదిస్తాయి. మొదటి కొన్ని సెకన్లలో కనిపించే అంకెను కూడా నమ్మకూడదు, అది మెమరీలోకి చేరుతున్న వేగం కావచ్చు. ఎస్ఎస్‌డీ మీద అంకె 40 దగ్గరే నిలకడగా ఉంటే లింకు యూఎస్‌బీ 2.0కు దిగిందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. లినక్స్‌లో ఈ ఆదేశం సూటిగా చెబుతుంది:

```
lsusb -t
```

డ్రైవ్ ఉన్న వరుస చివర 480M అని ఉంటే 2.0, 5000M అయితే 5 గిగాబిట్లు, 10000M అయితే 10 గిగాబిట్లు. పాత టైప్-ఎ ప్లగ్గుతో కలిపినప్పుడు 480M కనిపిస్తే కేబుల్‌ను మార్చే ముందు ఒకసారి తీసి, ఈసారి ఒక్క ఊపున గట్టిగా దూర్చాలి. ఆ ప్లగ్గులో 2.0 కొనలు ముందు తగులుతాయి, 3.0 కొనలు లోపలికి ఉంటాయి. మెల్లగా తోస్తే లోపలి కొనలు తగిలేలోపే కంప్యూటర్ దాన్ని 2.0గా గుర్తించేయవచ్చు.

20 గిగాబిట్ల ఎస్ఎస్‌డీ కొనేవారు ముందు తమ పోర్టు వివరాలు చూసుకోవాలి. ఆ రకం పోర్టు చాలా ల్యాప్‌టాప్‌లలో లేదు. అది లేనిచోట డ్రైవ్ 10 గిగాబిట్ల దగ్గరే నడుస్తుంది, అదనంగా పెట్టిన డబ్బు వృథా అవుతుంది.