కార్డు మారిన నెలలో మీ పాటలు

స్పాటిఫైలో నెలనెలా చందా కట్టి పాటలు వినేవాళ్లకు ఒకరోజు చెల్లింపు జరగలేదని మెయిల్ వస్తుంది. చూడగానే చాలామందికి కలిగే భయం ఒకటే, ఏళ్ల తరబడి ఏరి పేర్చుకున్న ప్లేలిస్టులు పోతాయేమోనని. అవి పోవు. ప్రీమియం ఆగిపోతే ఖాతా ఉచిత పద్ధతికి మారుతుంది, ప్లేలిస్టులూ ఇష్టమైన పాటల జాబితా అందులోనే ఉంటాయి. పోయేవి డౌన్‌లోడ్లు.

కారణం ఇది. ప్లేలిస్టు కంపెనీ సర్వర్‌లో మీ ఖాతా పేరిట ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన పాట ఫోన్‌లో ఉన్నా అది మామూలు ఫైలు కాదు, యాప్ మాత్రమే తెరవగలిగేలా తాళం వేసి ఉంటుంది. కనీసం 30 రోజులకోసారి ఫోన్‌ను నెట్‌కి కలిపితే, చందా నడుస్తోందని చూసుకున్నాకే యాప్ ఆ తాళాన్ని తెరిచి ఉంచుతుంది. చందా ఆగితే పాట ఫోన్‌లో ఉండీ పలకదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కొత్తగూడెం నుంచి భద్రాచలం వైపు తరచూ తిరిగే ఒక మెడికల్ రిప్రజెంటేటివ్ ఉన్నాడనుకోండి. దారిలో సిగ్నల్ సరిగా అందదు కాబట్టి డౌన్‌లోడ్లే ఆధారం. డెబిట్ కార్డు మీద గడువు 08/26 అని ఉంది, అంటే ఆగస్టు 31 వరకు చెల్లుతుంది. చందా కట్టే తేదీ ప్రతి నెలా 5. కొత్త కార్డు ఆగస్టులోనే ఇంటికొచ్చినా కవరు విప్పకుండా బీరువాలో పెట్టాడు. సెప్టెంబరు 5న పాత కార్డు మీద డబ్బు కట్ కాలేదు.

ఇప్పుడతను చేయాల్సిన మొదటి పని, ఎస్‌ఎంఎస్‌లో వచ్చిన లింకు నొక్కకపోవడం. చెల్లింపు ఆగిందంటూ దొంగ సందేశాలు పంపడం మోసగాళ్లకు మామూలే. బ్రౌజర్‌లో spotify.com/account అని తానే టైప్ చేసి లోపలికి వెళ్లాలి. ఏ ప్లాన్, ఏ తేదీన కట్టాలి, ఏ కార్డు అన్నది అక్కడ కనిపిస్తుంది. చందా వేరే సంస్థ ద్వారా తీసుకున్నదైతే ఆ సంగతీ అక్కడే తెలుస్తుంది, అప్పుడు కార్డు మార్చాల్సింది ఆ సంస్థ దగ్గర.

కొత్త కార్డు వివరాలు ఇచ్చాడు. అదీ ఫెయిలైంది. చాలామంది ఇక్కడే విసిగిపోతారు. ఖాతాలో డబ్బుంది, కార్డు కొత్తది, మరి తేడా ఎక్కడ? రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే, మార్చి ఇచ్చే కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల స్వైపింగ్ మెషీన్ల దగ్గర మాత్రమే పనిచేస్తాయి. ఆన్‌లైన్ వాడకాన్ని మనమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. పాత కార్డుకు ఎప్పుడో చేసిన ఆ పని కొత్తదానికి మళ్లీ చేయాలని ఎవరికీ గుర్తుండదు. అతను అది ఆన్ చేసి మళ్లీ ప్రయత్నించాడు. ఓటీపీ వచ్చింది, నెలనెలా డబ్బు తీసుకోవడానికి కొత్త అనుమతి నమోదైంది. పాత కార్డు మీద ఇచ్చిన అనుమతి దానంతటది కొత్త కార్డుకు మారుతుందని నమ్ముకుని కూర్చోకూడదు. ఇకపై డబ్బు తీసుకునేందుకు కనీసం 24 గంటల ముందు అతనికి ఒక సందేశం రావాలి. అది రాకపోతే అనుమతి సరిగా పడలేదేమోనని చూసుకోవచ్చు.

ఈ గొడవలో అసలు నష్టం తెచ్చే తప్పులు రెండున్నాయి. పాటలు పలకడం లేదని యాప్ తీసేసి మళ్లీ వేయడం మొదటిది, దాంతో డౌన్‌లోడ్లన్నీ చెరిగిపోతాయి. రెండోది ఇంతకంటే చెడ్డది. ఇదివరకు ఫేస్‌బుక్‌తో లాగినైనవాళ్లు ఈసారి తొందరలో జీమెయిల్‌తో లోపలికి వెళ్తారు. అది వేరే ఖాతా, ఖాళీది. ప్లేలిస్టులు పోయాయనుకుని దాని మీదే చందా కడతారు. ఖాళీగా కనబడితే డబ్బు కట్టకముందే బయటికొచ్చి, పాత రసీదు మెయిల్ ఏ చిరునామాకు వచ్చిందో వెతకండి. మీ అసలు ఖాతా సాధారణంగా దాని మీదే ఉంటుంది.

చందా తిరిగి మొదలయ్యాక పాటలను మళ్లీ దించుకోవాల్సి రావచ్చు. ప్లేలిస్టు తెరిచి డౌన్‌లోడ్ బాణం గుర్తు నొక్కితే చాలు, ఒక్కో పాటను వెతకనక్కర్లేదు. పెద్ద జాబితా అయితే వైఫై ఉన్నచోట, ప్రయాణానికి ముందురోజు రాత్రి చేసుకోవడం మేలు. తర్వాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకటి రెండు పాటలు వినిచూస్తే, దారిలో పలుకుతాయో లేదో ఇంట్లోనే తేలిపోతుంది.

కుటుంబ ప్లాన్‌లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. కట్టేవారి కార్డు ఆగితే అందరి ప్రీమియం ఆగుతుంది, అయినా ఎవరి ప్లేలిస్టులు వారి ఖాతాలోనే ఉంటాయి. ఆపిల్ మ్యూజిక్‌లో మాత్రం ఇంత తీరిక లేదు. అక్కడ ఉచిత పద్ధతి లేదు కాబట్టి చందా ముగిస్తే లైబ్రరీ అందకుండా పోతుంది, కొంతకాలానికి చెరిగిపోవచ్చు కూడా. ఆ సేవ వాడేవాళ్లు చెల్లింపు ఆగిన మెయిల్‌ను వారాంతానికి వాయిదా వేయకుండా అదే రోజు చూసుకోవాలి.