అసిటైల్ కో-ఎ కార్బాక్సిలేజ్: కొవ్వు ఆమ్లాల తయారీకి తొలి వాకిలి

కొవ్వు ఆమ్లం తయారు కావడం, అది విచ్ఛిన్నం కావడం ఒకే దారిలో రాకపోకలని విద్యార్థులు తరచుగా భావిస్తారు. రెండింటిలోనూ రెండేసి కార్బన్ల తునకలే కనిపిస్తాయి. రెండింటికీ అసిటైల్ కో-ఎ పొలిమేర వంటిది. అయినప్పటికీ అవి రెండు వేర్వేరు దారులు. ఎక్కడ జరుగుతాయన్నదీ, ఏ వాహకంపై సాగుతాయన్నదీ, ఏ సహకారకాలను వాడతాయన్నదీ, ఏ నియంత్రణకు లోబడతాయన్నదీ వేర్వేరే. ఈ భేదాన్ని చక్కగా గ్రహించినవారికి, మినుము చేలో ఊదను చంపి మినుమును వదిలిపెట్టే కలుపు మందు ఎలా పనిచేస్తుందో కూడా సులభంగా బోధపడుతుంది.

రెండు దారుల చరిత్ర

విచ్ఛిన్నత ముందుగా వెలుగులోకి వచ్చింది. 1904లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ క్నూప్, కొస కార్బన్‌కు బెంజీన్ వలయాన్ని తగిలించిన కొవ్వు ఆమ్లాలను కుక్కలకు తినిపించి, వాటి మూత్రాన్ని పరీక్షించారు. కార్బన్ల సంఖ్య సరిసంఖ్య అయితే ఒక పదార్థం, బేసిసంఖ్య అయితే మరొకటి వెలువడ్డాయి. గొలుసు రెండేసి కార్బన్ల చొప్పున, బీటా కార్బన్ వద్ద తెగుతోందని దీనితో తేలింది. ఈ ప్రక్రియ మైటోకాండ్రియాలలో జరుగుతుందని 1940ల చివర యూజీన్ కెనెడీ, ఆల్బర్ట్ లెనింజర్ నిరూపించారు.

తయారీ కూడా దీనికి విలోమమే కావచ్చునని ఆ తరం వారు ఊహించారు. ఆ ఊహను భగ్నం చేసినది పావురం కాలేయం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సలీహ్ వకీల్ పావురపు కాలేయ సారంతో పనిచేస్తూ, బైకార్బనేట్ లేనిదే కొవ్వు ఆమ్లం తయారు కావడం లేదని గమనించారు. విచిత్రమేమంటే, రేడియోధార్మిక కార్బన్ గల బైకార్బనేట్‌ను ఇచ్చినా ఆ కార్బన్ తయారైన పామిటిక్ ఆమ్లంలో కనిపించలేదు. అంటే అది ఒక మెట్టులో చేరి, మరో మెట్టులో వెలుపలికి పోతోంది. ఆ మధ్యమ పదార్థమే మలోనైల్ కో-ఎ అని 1958లో తేలింది. దానిని తయారు చేసే ఎంజైమే అసిటైల్ కో-ఎ కార్బాక్సిలేజ్.

కణద్రవ్యంలో తయారీ క్రమం

మేత తిన్న కోడి కాలేయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పక్షులలో కొవ్వు తయారీ ప్రధానంగా కాలేయంలోనే జరుగుతుంది. మొక్కజొన్న పిండిపదార్థం గ్లూకోజ్‌గా, అది పైరువేట్‌గా మారి మైటోకాండ్రియాలో ప్రవేశించి అసిటైల్ కో-ఎ అవుతుంది. కానీ అసిటైల్ కో-ఎ లోపలి పొరను దాటి వెలుపలికి రాలేదు. అందువల్ల ఆక్సలోఅసిటేట్‌తో కలిసి సిట్రేట్ అనే వేషంలో కణద్రవ్యంలోకి వస్తుంది. అక్కడ సిట్రేట్ లయేజ్ అనే ఎంజైమ్ ఒక ఏటీపీని ఖర్చుచేసి దానిని తిరిగి అసిటైల్ కో-ఎగానూ, ఆక్సలోఅసిటేట్‌గానూ విడగొడుతుంది. ఆక్సలోఅసిటేట్ మాలేట్‌గా, ఆపై మాలిక్ ఎంజైమ్ ద్వారా పైరువేట్‌గా మారేటప్పుడు ఎన్‌ఏడీపీహెచ్ లభిస్తుంది. కోడి కాలేయంలో తయారీకి కావలసిన క్షయీకరణ శక్తిలో అధిక భాగం ఈ మార్గాన వచ్చేదే.

తరువాతిది కీలకమైన మెట్టు. కార్బాక్సిలేజ్ ఎంజైమ్‌లో బయోటిన్ ఒక పొడవాటి చేతివలె పనిచేస్తుంది. ఒక స్థానంలో ఏటీపీ సాయంతో బైకార్బనేట్ నుండి కార్బాక్సిల్ సమూహాన్ని అందుకొని, మరో స్థానంలోని అసిటైల్ కో-ఎకి అందిస్తుంది. అలా మలోనైల్ కో-ఎ ఏర్పడుతుంది. ఇక కొవ్వు ఆమ్ల సింథేజ్ అనే బృహత్ ఎంజైమ్ ప్రతి చుట్టులోనూ ఒక మలోనైల్ సమూహాన్ని చేర్చుకొని, ఆ చేరిన కార్బన్ డయాక్సైడ్‌నే విడుదల చేస్తుంది. ఆ విడుదలే గొలుసు పెరుగుదలను ముందుకు నెట్టే బలం. బైకార్బనేట్ కార్బన్ తుది పదార్థంలో ఎందుకు కనబడలేదో ఇప్పుడు స్పష్టమవుతుంది.

పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లానికి ఒక అసిటైల్ కో-ఎ, ఏడు మలోనైల్ కో-ఎలు కావాలి. అంటే ఏడు చుట్లు, ఒక్కొక్క చుట్టుకు రెండు చొప్పున 14 ఎన్‌ఏడీపీహెచ్‌లు. ఏడు మలోనైల్‌లకు ఏడు ఏటీపీలు ఖర్చు. ఎనిమిది అసిటైల్ కో-ఎలను సిట్రేట్ నుండి విడగొట్టడానికి మరో ఎనిమిది.

విచ్ఛిన్నతతో పోలిక

బీటా ఆక్సీకరణలో ఇదే పామిటిక్ ఆమ్లం మొదట రెండు ఏటీపీల విలువ చెల్లించి కో-ఎతో జతకట్టి, కార్నిటైన్ వాహకంపై ఎక్కి మైటోకాండ్రియాలోకి వెళ్తుంది. ఏడు చుట్లలో ఎనిమిది అసిటైల్ కో-ఎలు, ఏడు ఎఫ్‌ఏడీహెచ్2లు, ఏడు ఎన్‌ఏడీహెచ్‌లు వెలువడతాయి. అన్నీ దహనమైతే నికరంగా 106 ఏటీపీలు దక్కుతాయి.

పోలికలో మూడు విషయాలు గుర్తుంచుకుంటే చాలు. తయారీలో గొలుసు, సింథేజ్‌లోనే భాగమైన వాహక ప్రోటీనుకు అంటుకొని ఉంటుంది. విచ్ఛిన్నతలో విడి కో-ఎపై ప్రయాణిస్తుంది. తయారీ ఎన్‌ఏడీపీహెచ్‌ను వాడుకుంటుంది. విచ్ఛిన్నత ఎన్‌ఏడీహెచ్‌ను, ఎఫ్‌ఏడీహెచ్2ను ఉత్పత్తి చేస్తుంది. మధ్యలో ఏర్పడే హైడ్రాక్సీ రూపం తయారీలో డి-ఆకృతి, విచ్ఛిన్నతలో ఎల్-ఆకృతి. కాబట్టి ఒకదాని ఎంజైమ్‌లు మరొకదానికి పనికిరావు.

వాకిలి తెరుచుకునే, మూసుకునే విధానం

రెండు దారులూ ఒకేసారి పూర్తి వేగంతో నడిస్తే, ఒకవైపు చేసిన కొవ్వును మరోవైపు కాల్చుతూ కణం ఏటీపీని వృథా చేసుకుంటుంది. దీనిని నివారించేది కార్బాక్సిలేజ్ నియంత్రణే. ఇది నాలుగు మార్గాలలో సాగుతుంది.

మొదటిది సిట్రేట్. కడుపు నిండినప్పుడు కణద్రవ్యంలో సిట్రేట్ పెరుగుతుంది. అది ఎంజైమ్ అణువులను ఒకదానికొకటి చేర్చి పొడవాటి తంతువులుగా పేరుస్తుంది. ఆ తంతు రూపమే చురుకైనది. ముడిసరుకు సమృద్ధిగా ఉన్నదనే కబురును ముడిసరుకే తెస్తోందన్నమాట. రెండవది పామిటైల్ కో-ఎ. తుది పదార్థం పేరుకుపోతే తంతువులు విడిపోయి తయారీ నెమ్మదిస్తుంది. మూడవది ఫాస్ఫేట్ ముద్ర. కణంలో శక్తి తరిగి ఏఎంపీ పెరిగితే, ఏఎంపీ ప్రేరిత ప్రోటీన్ కైనేజ్ ఈ ఎంజైమ్‌పై ఫాస్ఫేట్‌ను చేర్చి దానిని మందగింపజేస్తుంది. గ్లూకగాన్ ప్రభావం కూడా ఇదే దిశలో ఉంటుంది. ఇన్సులిన్ ఆ ఫాస్ఫేట్ తొలగిపోవడానికి దోహదం చేస్తుంది. ఫాస్ఫేట్ ముద్ర పడిన ఎంజైమ్‌ను సిట్రేట్ మేల్కొలపగలదు గానీ, అందుకు ఎక్కువ సిట్రేట్ కావాలి.

నాలుగవది రెండు దారులనూ ముడివేసేది. కార్బాక్సిలేజ్ ఉత్పత్తి చేసే మలోనైల్ కో-ఎ, కార్నిటైన్‌పై కొవ్వు ఆమ్లాన్ని ఎక్కించే ఎంజైమ్‌ను నిరోధిస్తుందని 1977లో మెక్‌గారీ, ఫాస్టర్ కనుగొన్నారు. మేత తిన్న కోడిలో మలోనైల్ కో-ఎ ఎక్కువ కనుక, కొత్తగా తయారైన కొవ్వు మైటోకాండ్రియాలోకి పోలేదు. రాత్రంతా పస్తున్న కోడిలో ఇన్సులిన్ తగ్గి, గ్లూకగాన్ పెరిగి, మలోనైల్ కో-ఎ తరిగి, ఆ ద్వారం తెరుచుకుంటుంది. ఒకే పదార్థం ఒక దారికి ఇటుక, మరో దారికి గడియ.

క్షీరదాలలో ఈ పని రెండు రూపాల మధ్య పంపిణీ అయింది. మొదటి రూపం కణద్రవ్యంలో ఉండి తయారీకి మలోనైల్‌ను అందిస్తుంది. రెండవది మైటోకాండ్రియా వెలుపలి పొరకు అంటి ఉండి, ముఖ్యంగా గుండె, కండరాలలో ఆక్సీకరణను అదుపుచేస్తుంది.

మొక్కలలో భేదం, కలుపు మందు తంత్రం

మొక్కలలో కొవ్వు ఆమ్లాల నిర్మాణం కణద్రవ్యంలో కాక ప్లాస్టిడ్లలో జరుగుతుంది. బీటా ఆక్సీకరణ ప్రధానంగా పెరాక్సిసోములలో. మొలకెత్తే వేరుశనగ గింజ తన నూనెను ఖర్చుపెట్టేది ఆ కణాంగాలలోనే. అయినా మొక్క కణద్రవ్యంలోనూ ఒక కార్బాక్సిలేజ్ ఉన్నది. అది అతి పొడవైన గొలుసులకు, ఆకుపై మైనపు పూతకు, ఫ్లేవనాయిడ్లకు మలోనైల్ కో-ఎను అందిస్తుంది.

ఇక్కడే అసలు భేదం. మినుము, వేరుశనగ వంటి ద్విదళ బీజపు పైర్ల ప్లాస్టిడ్లలోని ఎంజైమ్, బాక్టీరియాలలో వలె వేర్వేరు ఉపప్రమాణాల కూర్పు. గడ్డి కుటుంబపు మొక్కల ప్లాస్టిడ్లలోనిది మాత్రం అన్ని భాగాలూ ఒకే పెద్ద ప్రోటీన్‌లో ఇమిడిన రూపం. క్విజాలోఫాప్, ప్రొపాక్విజాఫాప్ వంటి మందులు ఈ ఏకప్రోటీన్ రూపంలోని కార్బాక్సిల్ బదిలీ స్థానానికి అంటుకుంటాయి. కూర్పు రూపానికి అంటుకోవు. ఈ ఎంపిక ఏకదళ, ద్విదళ భేదం కాదు, గడ్డి కుటుంబానిదే. ఉల్లి ఏకదళ బీజమైనా ఈ మందు దానిని బాధించకపోవడం ఇందువల్లనే. తుంగ లొంగకపోవడం కూడా గడ్డి కుటుంబానికి చెందకపోవడం వల్లనే.

కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి మాగాణుల్లోని మినుమును చూడండి. వరి కోత తరువాత ఊద, వరి మోళ్ళ నుండి వచ్చే పిలకలు మినుముతో పోటీపడతాయి. రెండూ గడ్డి కుటుంబానివే కనుక ఒకే మందుకు లొంగుతాయి. క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం ద్రావణం ఎకరాకు 400 మి.లీ. చొప్పున, 200 లీటర్ల నీటిలో కలిపి, కలుపు రెండు మూడు ఆకుల దశలో ఉండగా పిచికారీ చేయడం వాడుక. ఇందులో అసలు మందు 20 గ్రాములే.

ఇథైల్ ఎస్టర్ ఆకులో ప్రవేశించి ఆమ్లంగా మారి, పెరిగే మొనకు చేరుతుంది. అక్కడ కొత్త కణాల పొరలకు కావలసిన కొవ్వు ఆమ్లాలు ఆగిపోతాయి. కనుక ముదురు ఆకులు కొన్నాళ్ళు పచ్చగానే ఉంటాయి. ఇది చూసి మందు పారలేదనుకొని మళ్ళీ కొట్టేవారున్నారు. నడిమి ఆకును పట్టి లాగండి. అది తేలికగా ఊడి వచ్చి, అడుగున గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంటే ఎంజైమ్ నిలిచిపోయిందనే అర్థం. మొక్క పూర్తిగా చావడానికి రెండు వారాలు పట్టవచ్చు. నేలలో తేమ కొరవడి కలుపు ఎదుగుదల మందగిస్తే, పెరిగే మొనకు మందు చేరడం తగ్గి, ఫలితం ఇంకా ఆలస్యమవుతుంది లేదా అసంపూర్తిగా ఉంటుంది. ఈ తరహా మందును 2,4-డితో కలిపినా గడ్డిపై పట్టు తగ్గుతుంది.

నడిమి ఆకు గట్టిగా నిలిచి, పక్కనున్న మొక్కలు మాత్రం చస్తే, మొదట మందు పడని చోటా కాదా అన్నది చూడాలి. అది కాకపోతే నిరోధకతను శంకించాలి. బదిలీ స్థానంలో ఒక్క అమినో ఆమ్లం మారినా మందు అంటుకోదు. ఎంజైమ్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. పంజాబ్, హర్యానా గోధుమ చేలలోని ఫలారిస్ మైనర్ కలుపులో, ఈ ఎంజైమ్‌పై పనిచేసే క్లోడినాఫాప్‌కు నిరోధకత నమోదైంది. ఒకే లక్ష్యంపై పనిచేసే మందులను ఏటేటా వాడితే పేర్లు మారినా ఒత్తిడి ఒకే చోట పడుతుంది. అందువల్ల విస్తరణ శాస్త్రజ్ఞులు రైతుకు మందు పేరుతోపాటు, అది ఏ ఎంజైమ్‌పై పనిచేస్తుందో కూడా సరిచూసుకొని, తదుపరి పంటకు వేరొక లక్ష్యం గల మందును సూచించవలసి ఉంటుంది.