89 డిగ్రీల దగ్గర ఆగిపోయిన టీ

ఇంటర్ రెండో ఏడాది పిల్లల వర్క్‌షీట్లు దిద్దుతున్నాను. అందులో ఒక లెక్క ఇది: 90 డిగ్రీల టీని 30 డిగ్రీల గదిలో పెట్టారు. పది నిమిషాలకు 60 డిగ్రీలకు దిగింది. ఇరవై నిమిషాలకు ఎంత ఉంటుంది?

టీకీ గదికీ వేడిలో ఎంత తేడా ఉంటే అంత వేగంగా టీ చల్లారుతుందన్నది న్యూటన్ శీతలీకరణ నియమం. T టీ ఉష్ణోగ్రత, t నిమిషాలు అనుకుంటే, k అనే ధన స్థిరాంకంతో ఇలా రాస్తాం:

dT/dt = −k(T − 30)

చలరాశులను వేరుచేయడమంటే T ఉన్నదంతా dT పక్కకు, t ఉన్నదంతా dt పక్కకు చేర్చడం.

dT/(T − 30) = −k dt

ఒకమ్మాయి ఇక్కడ dT/T = 30k dt అని రాసింది. బ్రాకెట్‌ను పగలగొట్టి T నొక వైపు, 30 నొక వైపు పంచేసింది. గుణకారంగా ఉన్నదాన్నే భాగించి అటు పంపగలం. తీసివేతలో ఉన్న ముక్కను విడిగా పంపలేం. రాసిన వరసను వెనక్కి కలిపి చూసుకుంటే తప్పు అక్కడే దొరికేది: dT/dt = 30kT వస్తుంది. అంటే టీ చల్లారడం మానేసి అంతకంతకూ మరుగుతోంది!

సరిగ్గా వేరుచేసినవాళ్లలో చాలామంది స్థిరాంకం దగ్గర జారారు. సమాకలనం చేస్తే వచ్చేది

ln|T − 30| = −kt + c

c రావాల్సింది ఈ వరసలోనే. లాగ్ తీసేశాక అది ఘాతంలోకి వెళ్తుంది కాబట్టి, బయటికి గుణకంగా వస్తుంది: T = 30 + A e^(−kt). మొదట్లో 90 కాబట్టి A = 60. పది నిమిషాల్లో తేడా 60 నుంచి 30కి, అంటే సగానికి తగ్గింది. మరో పదికి మళ్లీ సగం, 15. జవాబు 45 డిగ్రీలు.

c ని మరిచిపోయి, చివర్లో గుర్తొచ్చి తగిలించినవాళ్ల జవాబు T = 30 + e^(−kt) + C. t = 0 పెడితే C = 59; ఇక్కడిదాకా ఏ అనుమానమూ రాదు. కానీ అప్పుడు T = 89 + e^(−kt). తెల్లవార్లూ పెట్టినా ఈ టీ 89 కిందికి దిగదు. పది నిమిషాలకు 60 కావాలంటే e^(−10k) విలువ −29 కావాలి, అది ఎప్పటికీ రుణం కాదు. తప్పు పట్టుకోవడానికి కీ చూడక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి. కొందరు A బదులు e^c అనే ఉంచేశారు. ఈ టీకి అది సరిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన 10 డిగ్రీల మజ్జిగ అయితే A = −20 కావాలి, e^c ఎన్నడూ రుణం కాదు. మాడ్యులస్ గీతలు తీసేటప్పుడు వచ్చే ± ను A లో కలుపుకుంటేనే మజ్జిగ లెక్క తేలుతుంది. ఇక గదిలోనే ఉన్న 30 డిగ్రీల కుండనీళ్లకు A = 0. మొదట (T − 30)తో భాగించినప్పుడు మన చేతిలోంచి జారిపోయిన సాధన అదే.