టైట్రేషన్ ఫలితంలో ఆ ‘±’ ఎక్కడిది?

టైట్రేషన్‌లో కంటితో చదివిన ప్రతి అంకెకూ కొంత అనిశ్చితత్వం ఉంటుంది. అది లెక్కలోకి దిగి చివరి జవాబు దాకా ప్రయాణిస్తుంది. ఎంత దిగింది, ఏ పరికరం నుంచి దిగింది అని తేల్చడమే ల్యాబ్ రికార్డులో దోష విశ్లేషణ పని. ఆక్సాలిక్ ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడ్ గాఢత కనుక్కునే ప్రయోగంలో ఇది తేటగా కనిపిస్తుంది.

1.576 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్ల స్ఫటికాలను 250 మి.లీ. ఫ్లాస్కులో కరిగిస్తే 0.0500 M ద్రావణం వస్తుంది. దాన్ని పిపెట్‌తో 20 మి.లీ. తీసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్ నుంచి క్షారాన్ని వదలాలి. లేత గులాబీ రంగు నిలిచేసరికి 20.40 మి.లీ. ఖర్చయిందనుకుందాం. ఒక ఆమ్ల అణువుకు రెండు క్షార అణువులు కావాలి కాబట్టి:

C = 2 × 0.0500 × 20.00 / 20.40 = 0.0980 M

ముందు బ్యూరెట్ సంగతి చూడాలి, అసలు కథంతా అక్కడే ఉంది. దాని మీద గీతలు 0.1 మి.లీ. దూరంలో ఉంటాయి. రెండు గీతల మధ్య నిలిచిన ద్రవ మట్టాన్ని కన్ను ±0.05 మి.లీ. లోపు చదవగలదు. చదివేది ఒకసారి కాదు, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. వీటికి తోడు రంగు మారిన క్షణం ఒక చుక్క అటూ ఇటూ కావచ్చు. చుక్క అంటే మరో 0.05 మి.లీ. ఈ మూడింటినీ నేరుగా కూడకూడదు. ఒకటి పైకి లాగితే మరొకటి కిందికి లాగే అవకాశం ఉంది కనుక, వర్గాలు చేసి కూడి వర్గమూలం తీయాలి. అప్పుడు 0.087 మి.లీ. వస్తుంది. 20.40లో అది 0.42 శాతం.

మిగతావి చిన్నవి. పిపెట్ సహనపరిమితి ±0.03 మి.లీ. అయితే 20 మి.లీ.లో 0.15 శాతం. మూడు దశాంశాల త్రాసు మీద రెండుసార్లు తూచి తీసివేస్తే 0.09 శాతం. ఫ్లాస్కు ±0.15 మి.లీ. అయితే 0.06 శాతం. కూడికలు, తీసివేతలు ఉన్నచోట అసలు అనిశ్చితత్వాలనూ, గుణకార భాగహారాలున్నచోట శాతాలనూ ఇదే వర్గాల పద్ధతిలో కలపాలి. నాలుగు శాతాలూ కలిస్తే 0.46 శాతం. 0.0980లో అది దాదాపు 0.0005. కాబట్టి జవాబు 0.0980 ± 0.0005 M. కాలిక్యులేటర్ చూపించిన 0.0980392 అంతా రాస్తే, పరికరాలు చెప్పని మాట వాటి నోట చెప్పించినట్టే.

ఒక్క బ్యూరెట్ వాటాయే 0.42, మొత్తం 0.46. త్రాసు, ఫ్లాస్కు రెండూ పరిపూర్ణమైనవే అనుకున్నా మొత్తం 0.45కి మించి తగ్గదు. ఖరీదైన త్రాసు ఇక్కడ అక్కరకు రాదు. అదే 20 మి.లీ. బదులు 5 మి.లీ. పిపెట్ వాడితే బ్యూరెట్‌లో 5.10 మి.లీ. మాత్రమే ఖర్చవుతుంది, అదే 0.087 మి.లీ. ఇప్పుడు 1.7 శాతమవుతుంది. ద్రావణం ఆదా చేయబోయి కచ్చితత్వాన్ని పోగొట్టుకోవడమిది.

ఇక రికార్డులో రాసే మాట. సీసా మీద 0.100 M అని ఉంది, ఫలితం 0.0980 వచ్చింది. తేడా 0.0020, అంటే లెక్కకట్టిన అనిశ్చితత్వానికి నాలుగు రెట్లు. ఇంత తేడా చదవడంలో వచ్చే తడబాటుతో రాదు; ఒకే వైపు లాగే క్రమ దోషం ఏదో ఉండాలి. “మానవ తప్పిదం” అని రాసి ఊరుకుంటే ఏమీ చెప్పనట్టే. కారణం పేరు, అది ఫలితాన్ని ఎటు లాగుతుందో రెండూ రాయాలి. బ్యూరెట్‌ను నీళ్లతో కడిగి, క్షారంతో కడగకుండా నింపితే క్షారం పలచబడి ఎక్కువ ఖర్చవుతుంది, గాఢత తక్కువగా తేలుతుంది. పిపెట్ మొనలో మిగిలే చుక్కను ఊది దింపినా అంతే. బ్యూరెట్ కొనలో ఇరుక్కున్న గాలి బుడగ మధ్యలో బయటికి పోయినా అంతే.

వీటిని విడదీసే దారులున్నాయి. బుడగ పోయేది ఒకసారే కనుక ఆ ఒక్క రీడింగే మిగతావాటికి దూరంగా ఉంటుంది. ఊదే అలవాటు మాత్రం ప్రతిసారీ ఒకేలా పనిచేస్తుంది. రీడింగులు మూడూ కలిసినా దోషం దాక్కునే ఉంటుంది. 10 మి.లీ. పిపెట్‌తో ఇంకోసారి చేసి చూడాలి: ఊదిన చుక్క వాటా అప్పుడు పెరుగుతుంది కనుక గాఢత ఇంకాస్త తగ్గుతుంది. ఏ మార్పూ లేకపోతే సీసానే అనుమానించాలి. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటాయి, తూచినదంతా క్షారం కాదు. అలాంటప్పుడు తప్పు ప్రయోగానిది కాదు, సీసా మీది అంకెది.