నాలుగు కాస్తా నలభై అయితే

కేస్ షీటులో డాక్టరు 'ఇన్సులిన్ 4' అని రాసి, యూనిట్లకు గుర్తుగా పక్కనే ఇంగ్లిష్ 'యు' అక్షరం పెట్టారనుకుందాం. తొందర రాతలో దాని పైకొసలు కలిసిపోతే అచ్చం సున్నాలా ఉంటుంది. రాత్రి డ్యూటీ నర్సు దాన్ని 40 అని చదువుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ అయితే, ఒక మిల్లీలీటరు సిరంజిలో పదో వంతు ఎక్కించాల్సింది, సిరంజి నిండా ఎక్కిస్తుంది. రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. చూసుకోకపోతే స్పృహ తప్పుతుంది.

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో తెచ్చిన 'వాడకూడని పొట్టి రాతల' జాబితాలో ఈ అక్షరం ఉంది. దశాంశ బిందువుతోనూ ఇదే చిక్కు. '1.0 మి.గ్రా.'లో చుక్క మసకబారితే 10 అవుతుంది, '.5'లో చుక్క కనపడకపోతే 5 అవుతుంది. రెండుచోట్లా మోతాదు పదింతలే. అందుకే మొదటిదాన్ని 1 అని, రెండోదాన్ని 0.5 అని రాయాలి.

'యు' బదులు 'యూనిట్లు' అని పూర్తిగా రాస్తే సున్నాగా పొరబడే వీలుండదు. నిన్నటి మోతాదుకు ఇవాళ్టిది పదింతలుంటే మాత్రం, సిరంజి పట్టుకునే ముందు రాసినవారినే అడగాలి.